చేతిలో ఫోన్ ఒక్కటే: ఢిల్లీలో గంటకు ఎంత మిగులుతుంది?

ఢిల్లీ ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి నైపుణ్యం అక్కర్లేని పనికి నిర్ణయించిన కనీస వేతనం నెలకు 18,456 రూపాయలు. ఇరవై ఆరు పనిదినాలతో భాగిస్తే రోజుకు సుమారు 710 రూపాయలు. దాన్ని మళ్ళీ ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 89 దాకా తేలుతుంది. ఆ మొత్తం అందరి చేతికీ అందుతోందని నేననను. కానీ ఈ నగరంలో ఒక గంట శ్రమకు చట్టం కట్టిన అడుగు ధర అది. ఫోన్‌తో డబ్బు సంపాదించే మార్గాలు చెప్పే వీడియోలు చాలా చూశాను. నెలకు ఎంత వస్తుందో చెబుతారు గానీ ఆ డబ్బుకు ఎన్ని గంటలు పోశారో ఒక్కరూ చెప్పరు. పెట్టుబడి లేనివాడి దగ్గర ఉన్నవి గంటలే. అందుకని ఈ వ్యాసంలో ప్రతి పనినీ ఆ 89 రూపాయల పక్కన నిలబెట్టి చూస్తాను.

చూడబోయే పనులు మూడు. చిన్న దుకాణాలను ఫోన్ మ్యాపులో సరిగ్గా పెట్టి చూసుకోవడం, వీడియోలు ఎడిట్ చేయడం, గొంతు ఇవ్వడం. ఢిల్లీలో, నోయిడాలో, గురుగ్రామ్‌లో ఈ మూడింటికీ గిరాకీ ఉంది. ఏది ముందు పట్టుకోవాలి, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న. ఎక్కువమంది వీడియోతో మొదలుపెడతారు, ఎందుకంటే అది కంటికి కనబడే పని. నేను మ్యాపుతో మొదలుపెట్టమంటాను.

పలాస నుంచి వచ్చిన మా దూరపు చుట్టాలబ్బాయి మునిర్కాలో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. సివిల్స్ కోచింగ్‌కు వచ్చాడు, ఫీజు రెండో విడత కట్టలేక మానేశాడు. ఇంటికి తిరిగి వెళ్ళడానికి మనసొప్పలేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోను, రోజుకు రెండు జీబీ డేటా, చలామణీ అయ్యేంత హిందీ, ఇవే అతని ఆస్తి. మొదట పట్టుకున్నది గది కింద ఉన్న లేడీస్ టైలర్ దుకాణాన్ని. ఆ పని ఎలా సాగిందో పూర్తిగా చెబుతాను, ఎందుకంటే లాభనష్టాలు రెండూ అందులోనే కనబడతాయి.

మునిర్కా లాంటి పాత ఊళ్ళు నగరం మింగేసిన పల్లెలు. కట్వారియా సరాయ్, బేర్ సరాయ్ కూడా అంతే. ఇంటి నంబర్లు వరుసలో ఉండవు, సందు లోపల మరో సందు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు బ్లౌజు కుట్టించుకోవాలన్నా, ప్యాంటు పొట్టి చేయించాలన్నా ముందు ఫోన్‌లోనే వెతుకుతారు. ఆ టైలర్ మాస్టర్‌జీ దుకాణం ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది. మ్యాపులో మాత్రం పక్క సందులో, తప్పు ఫోన్ నంబరుతో ఉంది. ఎవరో దారినపోయే వినియోగదారుడు ఎప్పుడో చేర్చిన గుర్తు అది.

చాలామంది మొదటి తప్పు ఇక్కడే చేస్తారు. ఉన్న గుర్తును వదిలేసి కొత్తది సృష్టిస్తారు. ఒకే దుకాణానికి రెండు గుర్తులు తయారవుతాయి, ఏదో ఒకటి తొలగిస్తారు, దాంతోపాటు పాత సమీక్షలూ పోవచ్చు. అందుకని ముందు దుకాణం పేరుతో, ఫోన్ నంబరుతో, పక్క దుకాణం పేరుతో వెతికి చూడాలి. ఉంటే దాన్నే యజమాని పేరిట స్వాధీనం చేసుకోవాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అనే ఈ సదుపాయానికి 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అని పేరుండేది. దానికి రుసుమేమీ లేదు. డబ్బు కడితేనే పేరు మ్యాపులో నిలుస్తుందని దుకాణదారులకు ఫోన్లు చేసేవాళ్ళు ఢిల్లీలో కొల్లలు. మాస్టర్‌జీ కూడా ఒకసారి అలా మోసపోయాడు, కాబట్టి మావాడి మాట ఒక పట్టాన వినలేదు. "ఇది ఉచితం మాస్టర్‌జీ, మీరిచ్చేది నా కూలి మాత్రమే" అని చెప్పాకే కూర్చోమన్నాడు. ఇలా చెప్పడం నీతి మాత్రమే కాదు. గూగుల్ నిబంధన కూడా అదే: ఇతరుల కోసం ఈ పని చేసేవాళ్ళు సేవా రుసుము వేరనీ, ప్రొఫైల్ ఉచితమనీ దాచకూడదు.

రెండో విషయం యాజమాన్యం. ప్రొఫైల్ దుకాణదారుడి జీమెయిల్ ఖాతాలోనే తెరవాలి, పని చేసేవాడు మేనేజరుగా చేరాలి. వినడానికి తేలికే. ఫోన్ కొన్న రోజు దుకాణం కుర్రాడెవడో తెరిచిచ్చిన జీమెయిల్‌కు పాస్‌వర్డ్ ఏమిటో మాస్టర్‌జీకి తెలియదు. దాన్ని తిరిగి తెరవడానికే ముప్పావు గంట పట్టింది. ఈ బాధ ఎందుకని తన సొంత ఖాతాలోనే అన్ని దుకాణాలూ తెరిచేవాళ్ళున్నారు. అలా చేస్తే రేపు ఆ ఖాతాకు ఏదైనా అయితే పది దుకాణాలు ఒక్కసారిగా చేయిజారతాయి. దుకాణదారుడి దృష్టిలో అది దొంగతనానికి దగ్గర. మేనేజరుగా చేరాక మొదటి వారం రోజులు గూగుల్ కొన్ని మార్పులు చేయనివ్వదు. ఆ ఏడు రోజుల సంగతి ముందే చెప్పకపోతే డబ్బు తీసుకుని కూర్చున్నాడనుకుంటారు.

తర్వాత ధ్రువీకరణ. ఈమధ్య చాలా దుకాణాలకు గూగుల్ వీడియో అడుగుతోంది. కనీసం ముప్పై సెకన్లు, మధ్యలో ఆపకుండా, కత్తిరింపు లేకుండా తీయాలి. అందులో మూడు సంగతులు కనబడాలి: దుకాణం ఎక్కడుందో తెలిపే వీధి గుర్తులు, లోపల ఆ వ్యాపారం నిజంగా జరుగుతోందనే సాక్ష్యం, తీస్తున్నవాళ్ళకు దుకాణం మీద హక్కుందనే రుజువు. మావాడు మెట్రో వైపు తిరిగే మూల నుంచి మొదలుపెట్టి, పక్క మందుల షాపు బోర్డు చూపించి, మాస్టర్‌జీ షట్టరు తాళం తీస్తుండగా తీసి, లోపల మిషన్లూ కత్తిరించిన గుడ్డలూ చూపించాడు. మొదటి వీడియో తిరస్కరించారు. అందులో బోర్డు ఉన్నా, ఎండకు రంగు వెలిసిపోయి అక్షరాలు చదవడానికి రాలేదు. ఫ్లెక్సీ బోర్డు కొత్తది పెట్టాక రెండోసారి ఆమోదం వచ్చింది. కొనుగోలుదారుల ముఖాలు, బ్యాంకు కాగితాలు అందులో పడకుండా చూసుకోవాలి.

మిగిలినది ఓపికతో చేసే పని. పేరు బోర్డు మీద ఉన్నట్టే రాయాలి. పేరు పక్కన 'మునిర్కాలో బెస్ట్ లేడీస్ టైలర్' అని తోకలు తగిలిస్తే ప్రొఫైల్ నిలిపివేసే ప్రమాదం ఉంది. ముఖ్య విభాగం ఒక్కటే ఉంటుంది కాబట్టి దాన్ని జాగ్రత్తగా ఎంచాలి. మాస్టర్‌జీకి ఎక్కువ డబ్బు తెచ్చేవి కొత్త కుట్లు కావు, ఆల్టరేషన్లు. అయినా ముఖ్య విభాగంగా టైలర్ పెట్టి, ఆల్టరేషన్‌ను అదనపు విభాగంగా చేర్చారు. గుర్తును వేలితో జరిపి సరైన సందులో పెట్టారు. మంగళవారం సెలవని రాశారు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే తెరిచి ఉందని చూసి వచ్చి తాళం చూసినవాళ్ళు ఒక్క నక్షత్రం ఇచ్చి వెళ్తారు. ఫొటోలు పన్నెండు తీశాడు, అన్నీ ఆ దుకాణంలోవే. ఇంటర్నెట్ నుంచి తెచ్చిన లెహంగా బొమ్మ ఒక్కటీ పెట్టలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మాట్లాడి ఒప్పించి, ఖాతా తెరవడం, వివరాలు, ఫొటోలు, రెండు వీడియోలు, దిద్దుబాట్లు కలిపి ఐదు గంటలు. తీసుకున్నది 700 రూపాయలు. గంటకు 140, బాగానే ఉంది. కానీ మాస్టర్‌జీ ఒప్పుకునే ముందు మావాడు అదే వీధిలో మరో ఎనిమిది దుకాణాలు ఎక్కి దిగాడు. ఆ మూడు గంటలూ కలిపితే ఎనిమిది గంటలకు 700. గంటకు 87 రూపాయల 50 పైసలు, కనీస వేతనం కంటే రూపాయిన్నర తక్కువ. ఈ రంగంలో చాలామంది తెలియకుండా నష్టపోయేది ఈ తిరుగుడు గంటల దగ్గరే.

నిలబెట్టింది నెలవారీ పని. పండగ వేళలు మార్చడం, వారానికి ఒక కొత్త ఫొటో, వచ్చిన సమీక్షలకు మర్యాదగా రెండు వాక్యాల జవాబు, ఎవరో తప్పుగా సూచించిన మార్పుల్ని తోసిపుచ్చడం. నెలకు రెండు గంటలు, 300 రూపాయలు. దీనికి మళ్ళీ ఒప్పించనక్కర్లేదు, గంటకు 150 పడుతుంది. ఆరు నెలల్లో ఇలాంటి దుకాణాలు పదకొండు కుదిరాయి. నెలకు 3,300 రూపాయలు గది అద్దెలో అతని వాటాకు కూడా సరిపోలేదు గానీ, ప్రతి నెలా మొదటి వారంలో తప్పకుండా వచ్చేది. దుకాణదారుడు ఎందుకు ఇస్తాడంటే, ప్రొఫైల్‌లోనే ఎన్ని ఫోన్ కాల్స్ వచ్చాయో, ఎంతమంది దారి అడిగారో అంకెలు కనబడతాయి. పని మొదలుపెట్టిన రోజు ఆ అంకెల్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. అది లేకపోతే మూడు నెలల తర్వాత "నువ్వేం చేశావు?" అన్న ప్రశ్నకు జవాబుండదు.

ఒక్క హెచ్చరిక. సమీక్షలు రాసిపెట్టమని అడిగే దుకాణదారుడు తప్పకుండా తగులుతాడు. స్నేహితులతో పది మంచి మాటలు రాయించడం, సమీక్ష రాస్తే ధర తగ్గిస్తామనడం రెండూ నిబంధనలకు విరుద్ధం. బయటపడితే సమీక్షలు పోవచ్చు, పని చేసినవాడి పేరూ ఆ వీధిలో పోతుంది. బట్టలు తీసుకెళ్ళేటప్పుడు కౌంటరు మీద క్యూఆర్ కోడ్ చూపించి, నిజంగా కుట్టించుకున్నవాళ్ళను అడిగితే చాలు.

ఇదే పనిని అద్దె గదులకు చేసేవాళ్ళు లక్ష్మీనగర్‌లో, ముఖర్జీ నగర్‌లో కనబడతారు. గదుల ఫొటోలు తీసి ప్రకటనలు పెడతారు. ఫొటోలకు కూలి తీసుకోవడం వరకే ఉండాలని నా అభిప్రాయం. టోకెన్ డబ్బు తన ఖాతాలోకి రానిచ్చినవాడు రేపు గది దక్కని విద్యార్థికి సమాధానం చెప్పాల్సి ఉంటుంది.

వీడియో ఎడిటింగ్‌కు వస్తే, మంచి మార్గం ఆ పదకొండు దుకాణాల్లోనే ఉంది. గడప దాటి నమ్మకం సంపాదించాక, "ఒక రీల్ చేద్దామా మాస్టర్‌జీ" అనడానికి కొత్తగా తిరగనక్కర్లేదు.

2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక చిన్న వీడియోలు ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కూ, యూట్యూబ్ షార్ట్స్‌కూ మారాయి. క్యాప్‌కట్ మన దేశంలో అందుబాటులో లేదు. దొంగదారిలో దించుకునే ఫైళ్ళ జోలికి పోవద్దు, బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో అసలే వద్దు. ఉచితంగా, వాటర్‌మార్క్ లేకుండా పని జరిగేందుకు యూట్యూబ్ వారి క్రియేట్, ఇన్‌స్టాగ్రామ్ వారి ఎడిట్స్, వీఎన్ ఉన్నాయి. కైన్‌మాస్టర్ ఉచిత వెర్షన్ మూలన తన ముద్ర వేస్తుంది. ఆ ముద్రతో ఇచ్చిన వీడియోకు ఎవరూ డబ్బివ్వరు. ఏ యాప్ అన్నది పెద్ద విషయం కాదు, ఒకటి పట్టుకుని చేయి తిరిగేదాకా చేయడమే.

పని చెడేది వేరే చోట్ల. దుకాణాల్లోని చవక ఎల్ఈడీ దీపాల కింద తీస్తే వీడియోలో నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దీపం సెకనుకు వందసార్లు మిణుకుతుంది. కెమెరా ప్రో మోడ్‌లో షట్టరును 1/50 లేదా 1/100 దగ్గర పెడితే చారలు పోతాయి. ఆ మోడ్ లేని ఫోన్ అయితే పగటిపూట గుమ్మం దగ్గర తీయాలి. తీయబోయే ముందు ఐదు సెకన్లు తీసి చూసుకుంటే ఒక పూట పని మిగులుతుంది. ఇక ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు వంద ఎంబీ తింటుంది. ఒక పూట ఇరవై నిమిషాలు తీస్తే రెండు జీబీలు. 64 జీబీ ఫోన్‌లో సగం వాట్సాప్ బొమ్మలతోనే నిండి ఉంటే ఎగుమతి మధ్యలో ఆగిపోతుంది. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం ఢిల్లీ గదిలో ఫోన్ వేడెక్కి దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ రోజుల్లో ఎడిటింగ్ తెల్లవారుజామున పెట్టుకోవాలి. పూర్తయిన ఫైలును వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

పాటల విషయంలో అందరూ దెబ్బతింటారు. దుకాణం పెట్టుకునేది బిజినెస్ ఖాతా. అందులో సినిమా పాటలు వ్యాపారానికి వాడుకునే హక్కు ఉండదు, వీడియో మూగబోతుంది. మెటా సౌండ్ కలెక్షన్, యూట్యూబ్ ఆడియో లైబ్రరీ లాంటి చోట్ల నుంచి స్వేచ్ఛగా వాడుకోదగ్గ సంగీతం తీసుకోవాలి. నాకైతే మాస్టర్‌జీ కత్తెర గుడ్డను కోస్తున్న చప్పుడు ఏ పాటకన్నా బాగుంది.

తెలుగు అక్షరాలు వేయాల్సి వచ్చినప్పుడు మరో ముప్పు. కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. యాప్ తెలుగు అక్షరాలను కలిపి చూపించలేకపోవడమో, దాని ఫాంటులో తెలుగు సరిగా లేకపోవడమో దీనికి కారణం. రామభద్ర, మండలి, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వాటిని యాప్‌లోకి తెచ్చుకోవచ్చు. అప్పటికీ కుదరకపోతే అక్షరాలను వేరే యాప్‌లో బొమ్మగా చేసి అతికించాలి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్ఞానం' అన్న మూడు మాటలు ముందు టైపు చేసి చూస్తే ఆ యాప్ సంగతి తేలిపోతుంది.

మావాడి మొదటి రీల్ లెక్క ఇది. తీయడానికి గంట, ఎడిటింగ్ రెండు గంటలు, మార్పులు మరో గంట. నాలుగు గంటలకు 300 రూపాయలు. గంటకు 75, అడుగు ధర కంటే కింద. ధర పెంచితే మాస్టర్‌జీ ఇవ్వడు. అందుకని పద్ధతి మార్చాడు. ఒకే రాకలో నాలుగు రీల్స్‌కు సరిపడా తీశాడు, రెండు గంటలు పట్టింది. అక్షరాల రంగు, చివరి చిరునామా పలక, సంగీతం నాలుగింటికీ ఒకటే ఉంచాడు కాబట్టి ఎడిటింగ్ ఐదు గంటల్లో తెమిలింది. మార్పులు ఒక్క విడతే అని ముందే చెప్పాడు, అది ఒక గంట. ఎనిమిది గంటలకు 1,200, అంటే గంటకు 150. కూలి రెట్టింపైంది, రీల్ ధర మాత్రం పైసా పెరగలేదు. ఎడిటింగ్ నేర్పే పాఠాలు చాలావరకు మెరుపుల గురించీ దూకుళ్ళ గురించీ ఉంటాయి. ఫోన్ ఒక్కటే ఉన్నవాడికి అంతకంటే ముందు రావాల్సింది ఇలా ఒకేసారి కలిపి చేసే పద్ధతి.

పెళ్ళి వీడియోలు, గంట నిడివి ఇంటర్వ్యూలు మాత్రం ఈ ఫోన్‌తో ఒప్పుకోవద్దు. ఫోన్ మోయలేదు. గడువు తప్పితే అడ్వాన్సూ పోతుంది, పేరూ పోతుంది.

మూడోది గొంతు. తెలుగువాడికి ఢిల్లీలో ప్రత్యేకమైన చోటు ఉన్న పని ఇదొక్కటే. తెలుగు గొంతుకూ ఢిల్లీకీ సంబంధం పాతది కూడా. సినిమాల్లో పేరు తెచ్చుకోకముందు కొంగర జగ్గయ్య ఆకాశవాణి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివారు. ఇప్పుడు కేంద్ర మంత్రిత్వ శాఖల ప్రచార చిత్రాలు, శిక్షణ వీడియోలు, కంపెనీల భద్రతా పాఠాలు హిందీలోనో ఇంగ్లీషులోనో తయారై, ఆ తర్వాత మిగతా భాషల్లోకి వెళ్తాయి. నోయిడా ఫిల్మ్ సిటీ చుట్టుపక్కల, దక్షిణ ఢిల్లీలో ఉన్న చిన్న స్టూడియోలకు పది పన్నెండు భాషల గొంతులు ఒకేసారి కావాలి. హిందీ గొంతులు వీధికి పది దొరుకుతాయి. తెలుగు గొంతు కోసం హైదరాబాద్‌కు ఫోన్ చేస్తారు. ఇక్కడే ఉండి, సాయంత్రం అడిగితే పొద్దుటికి ఇచ్చే మనిషికి విలువ ఉంది.

కానీ స్టూడియో వాళ్ళకు నిజంగా అక్కరకొచ్చేది గొంతులో గాంభీర్యం కాదు, చేతికొచ్చిన కాగితాన్ని చదవకముందే పట్టుకునే చెవి. హిందీ నుంచి మాటకు మాట దించిన తెలుగు స్క్రిప్టులు ఎలా ఉంటాయో విన్నవాళ్ళకు తెలుసు. హిందీలో 'శిక్షా' అంటే చదువు, తెలుగులో శిక్ష అంటే దండన. 'పిల్లల శిక్ష కోసం' అని రాసి ఉంటే చదివేసే మనిషి స్టూడియోకు పెద్ద నష్టం. 'ఆవేదన్' అంటే అక్కడ దరఖాస్తు, మనకు మనోవ్యథ. 'అనుమాన్' అంటే అంచనా, మనకు సందేహం. ఇలాంటివి దిద్ది, మార్చిన చోట్ల గుర్తు పెట్టి, వాళ్ళ అనుమతి తీసుకుని చదివే మనిషిని స్టూడియో మళ్ళీ పిలుస్తుంది. దిద్దుబాటుకు వేరే రుసుము అడగాలి, అడిగితే ఇస్తారు. అడక్కపోతే అది కూలిలో కలిసిపోతుంది. అంకెలు, తేదీలు, సంస్థల పొడి అక్షరాలు ఎలా పలకాలో ముందే అడిగి రాసుకోవాలి. తిరిగి చదవాల్సి వచ్చేది ఎక్కువగా వాటి దగ్గరే.

ఫోన్ మైకు చెడ్డది కాదు, చెడ్డది గది. ఈ పని చేయాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పే పరీక్ష ఒకటే. ఏమీ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని పూర్తి వాల్యూమ్‌లో వినండి. మునిర్కా గదిలో మావాడికి వినబడినవి: ఫ్యాను, పక్కింటి కూలరు, కబాడీవాలా కేక, ప్రెషర్ కుక్కరు, నాలుగు నిమిషాలకొకసారి విమానం. ఆడియో పుస్తకాల వ్యాపారంలో ప్రమాణంగా చెప్పుకునే లెక్క ప్రకారం నిశ్శబ్దంలో వినబడే రొద మైనస్ 60 డెసిబెళ్ళ కంటే తక్కువ ఉండాలి. ఆ గదిలో పగలు అది జరగని పని. రొదను తర్వాత యాప్‌తో తుడిచేద్దామనుకుంటే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టవుతుంది, స్టూడియో వాళ్ళు మొదటి వాక్యానికే పట్టేస్తారు.

చలికాలంలో అతనికి దారి దొరికింది. రాత్రి రెండు దాటాక ఫ్యాను అవసరం లేదు, వీధి నిద్రపోతుంది. రజాయి తల మీదుగా కప్పుకుని, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకు పెట్టి చదివేవాడు. సూటిగా నోటి ముందు పెడితే ప, బ, భ అక్షరాల దగ్గర గాలి ఢాం అని తగులుతుంది. వాట్సాప్ వాయిస్ నోట్‌లో చదివి పంపితే పనికిరాదు, డబ్ల్యూఏవీ ఫైలుగా రికార్డు చేసే యాప్ వాడాలి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మంచి టేక్ మధ్యలోనే ఎవరో ఫోన్ చేస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి ఈ ఏర్పాటంతా కూలిపోయింది. నలభై డిగ్రీల్లో రజాయి కింద ఎవరు చదువుతారు?

లెక్కకు వద్దాం. ఒక నిమిషం నిడివి పాఠానికి స్క్రిప్టు దిద్దడం గంట, చదవడం, శుభ్రం చేయడం, మళ్ళీ చదవడం కలిపి రెండు గంటలు. తీసుకున్నది 600 రూపాయలు. గంటకు 200, మూడు పనుల్లోకీ ఎక్కువ. అయితే ఆ చలికాలం నాలుగు నెలల్లో అతనికి వచ్చినవి ఐదు పనులే. గంట లెక్కలో గొంతు రాజు, నెల లెక్కలో బీద. అద్దె దీని మీద ఆధారపడి కట్టలేరు. నమూనా అడిగితే ఇరవై ముప్పై సెకన్లకు మించి ఇవ్వొద్దు. మొత్తం స్క్రిప్టును పరీక్ష పేరుతో చదివించుకుని మాయమయ్యేవాళ్ళున్నారు. మీ గొంతు ఎక్కడ, ఎంతకాలం వాడతారో ఒక్క వాట్సాప్ సందేశంలోనైనా రాయించుకోవాలి. శిక్షణ వీడియోకని ఇచ్చినది రేపు టీవీ ప్రకటనలో వినబడితే అడగడానికి ఆధారం అదే.

వేరే దారుల గురించి నేను క్లుప్తంగానే చెబుతాను. సొంత యూట్యూబ్ ఛానల్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ కావాలి, లేదా తొంభై రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు. ఆ తర్వాత కూడా వంద డాలర్లు పోగయ్యేదాకా చేతికి రాదు. ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్ళు అది చేసుకోవచ్చు. ఫైవర్ లాంటి విదేశీ వేదికలు ఇరవై శాతం కోత పెడతాయి, మొదటి పని దొరకడానికి నెలలు పట్టవచ్చు. మ్యాపులో హోటళ్ళకు రేటింగు ఇస్తే, వీడియోలకు లైకు కొడితే డబ్బంటూ టెలిగ్రామ్‌లో వచ్చేది పనే కాదు. మొదట నూటయాభై పంపి నమ్మిస్తారు, తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అంటూ వేలు లాగుతారు. 2023 డిసెంబరులో కేంద్రం ఇలాంటి వందకు పైగా వెబ్‌సైట్లను ఒకేసారి మూయించింది, అయినా ఆ మోసం కొత్త పేర్లతో నడుస్తూనే ఉంది. పని ఇవ్వడానికి ముందు మీరే డబ్బు కట్టాలంటే అక్కడితో ఆపేయండి. మీ బ్యాంకు ఖాతాను అద్దెకు అడిగినవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు, పోలీసులు ముందు వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళ గుమ్మానికే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయాలి. గంటలు గడిచేకొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

వసూలు గురించి కూడా కొంచెం చెప్పాలి. దుకాణాల దగ్గర సగం ముందు, సగం అప్పగించినప్పుడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు, కొట్టమన్నవాడు దొంగ. స్టూడియోలు మాత్రం నెలల తరబడి తిప్పుతాయి. ఆధార్, పాన్ ఉంటే ఫోన్ మీదే ఉద్యమ్ నమోదు ఉచితంగా చేసుకోవచ్చు. సూక్ష్మ సంస్థగా నమోదైనవాళ్ళకు కొనుగోలుదారుడు నలభై ఐదు రోజులు దాటకుండా చెల్లించాలని చట్టం ఉంది, ఆలస్యమైతే ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. మావాడు ఫిర్యాదు దాకా పోలేదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయడం మొదలుపెట్టాక ఒక పాత బాకీ పది రోజుల్లో వచ్చింది.

ఇప్పుడు అతని నెల ఇలా ఉంటుంది. పదకొండు దుకాణాల నెలవారీ పని, ఇరవై రెండు గంటలు. వాటిలో మూడు దుకాణాలకు నాలుగేసి రీల్స్, ఇరవై నాలుగు గంటలు. కొత్త దుకాణం ఒకటి, తిరుగుడుతో సహా ఎనిమిది గంటలు. కలిపి యాభై నాలుగు గంటలకు 7,600 రూపాయలు, గంటకు 140 పైచిలుకు. కనీస వేతనాన్ని గంటలో దాటాడు గానీ నెలలో సగం కూడా లేదు. మిగతా రోజుల్లో ఒక పుస్తకాల షాపులో లెక్కలు రాస్తాడు. కాబట్టి నా తీర్పు ఇది: ఢిల్లీలో ఫోన్ ఒక్కటే నమ్ముకుని మొదటి ఏడాది పూర్తిగా బతకలేరు. ఇంకో పని పక్కన పెట్టుకుంటే ఇది నిలుస్తుంది. అది కూడా వీధిలోని దుకాణంతో మొదలుపెట్టినవాళ్ళకు.

చివరగా ఢిల్లీలోని తెలుగు సంఘాలకూ, విద్యాసంస్థలకూ ఒక మనవి. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదలుపెట్టిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి ఈ నగరంలో పాఠశాలలున్నాయి. సంఘాలకు సభలు జరుపుకునే హాళ్ళున్నాయి. ఆదివారాలు పాఠశాలల గదులు ఖాళీగానే ఉంటాయి. రోడ్డుకు దూరంగా ఉన్న ఒక చిన్న గది ఎంచి, కిటికీలకు మందపాటి పరదాలు కట్టి, నేల మీద ఒక జంపఖానా పరిచి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆదివారం రెండు గంటలు తెరవండి. తెలుగు బాగా చదవగలిగి, ఫోన్ ఉండి, నిశ్శబ్దం లేని పిల్లలు మునిర్కాలోనూ లక్ష్మీనగర్‌లోనూ ఉన్నారు. వాళ్ళకు కావాల్సింది ఆ గది ఒక్కటే.